పోటీ పట్టికలో అన్ని టిక్కులూ మీకే వస్తున్నాయా? అయితే వరుసలు మళ్లీ ఎంచుకోండి

స్టార్టప్ ప్రజెంటేషన్లలో ఒక స్లైడు దాదాపు అందరి దగ్గరా ఒకేలా ఉంటుంది. ఎడమవైపు ఫీచర్ల జాబితా, పైన నాలుగైదు కంపెనీల పేర్లు, మధ్యలో టిక్కులూ ఇంటూలూ. చివరి కాలమ్ ఫౌండర్‌ది. అందులో పైనుంచి కిందిదాకా అన్నీ పచ్చ టిక్కులే.

ఆ పట్టికలో ఒక్క అబద్ధం కూడా ఉండకపోవచ్చు. చిక్కంతా వరుసల ఎంపికలో ఉంది. ప్రశ్నపత్రం తానే తయారుచేసుకుని తానే జవాబులు రాసుకున్న విద్యార్థికి నూటికి నూరు మార్కులు రావడంలో వింతేముంది? పైగా ఆ పట్టికను చూసి ఎక్కువగా మోసపోయేది ఇన్వెస్టర్ కాదు. ఆయన అలాంటివి రోజూ చూస్తుంటాడు. మోసపోయేది దాన్ని నమ్మి ఆరు నెలలు పని చేసే మీ టీమే.

పద్ధతి అర్థం కావడానికి ఒక ఊహాజనిత ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. కెమెరాలు, లెన్సులు, లైట్లు అద్దెకిచ్చే చిన్న దుకాణాల కోసం మీరు బుకింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నారనుకోండి. మీ పాత పట్టికలో ఆరు వరుసలున్నాయి: మొబైల్ యాప్, క్లౌడ్ బ్యాకప్, బార్‌కోడ్ స్కానింగ్, వాడడం సులభం, ఆటోమేటిక్ రిపోర్టులు, 24 గంటల సపోర్ట్. ఆరింటిలోనూ మీకు టిక్కే.

1. ముందు పాత పట్టికను జల్లెడ పట్టండి

ఒక్కో వరుస దగ్గర ఆగి, ఇది ఎక్కడినుంచి వచ్చిందని అడగండి. "మా దగ్గర ఆ ఫీచర్ ఉంది కాబట్టి" అనేదే నిజమైన జవాబైతే ఆ వరుస కొట్టేయండి. ఉదాహరణలో బార్‌కోడ్ స్కానింగ్ అలా పోతుంది. అది నిజంగా ముఖ్యమైనదే అయితే తర్వాత కస్టమర్ నోటినుంచి ఎలాగూ తిరిగి వస్తుంది.

రెండో ప్రశ్న: దీనికి వ్యతిరేకమైన మాటను ఎవరైనా తమ గొప్పగా చెప్పుకుంటారా? "వాడడం కష్టం" అని ఏ కంపెనీ బోర్డు పెట్టుకోదు. కాబట్టి "వాడడం సులభం" అనేది ప్రమాణం కాదు, పొగడ్త. "ఒక్క దుకాణానికే సరిపోతుంది" అనేదానికి "పది బ్రాంచీలున్నవాళ్లకు సరిపోతుంది" అనే వ్యతిరేకం ఉంది. రెండిటినీ కోరుకునేవాళ్లున్నారు. అలాంటి వరుసను ఉంచుకోవచ్చు.

ఈ రెండు ప్రశ్నల తర్వాత పట్టికలో ఏమీ మిగలకపోతే కంగారు పడొద్దు. సాధారణంగా ఒకటో రెండో మిగులుతాయి, అంతే.

2. కాలమ్‌లు: వాళ్లు పోయిన వారం ఏం వాడారు?

కాలమ్‌లలో ఎవరిని పెట్టాలో వెబ్‌లో వెతికి తేల్చకండి. వెతికితే మీలాంటి కంపెనీలే దొరుకుతాయి. దుకాణదారుడిని "పోయిన వారం బుకింగ్‌లు ఎక్కడ రాసుకున్నారు?" అని అడిగితే వేరే జవాబు వస్తుంది: నోటు పుస్తకం, స్ప్రెడ్‌షీట్, వేరే పని కోసం కొన్న బిల్లింగ్ యాప్. పెద్ద కంపెనీలు వాడే రెంటల్ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు.

నోటు పుస్తకానికి కాలమ్ ఇవ్వడం చాలామంది ఫౌండర్లకు చిన్నతనంగా ఉంటుంది. నా లెక్కలో మాత్రం అది లేని పట్టిక పట్టికే కాదు. మీరు అమ్మకం పోగొట్టుకునేది ఎక్కువగా ఇంకో సాఫ్ట్‌వేర్‌కి కాదు, "ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా, చూద్దాం లెండి" అనే మాటకి. మీతో కలిపి ఐదు కాలమ్‌లు సరిపోతాయి.

3. వరుసలు: కస్టమర్ నోటినుంచి ఎలా రాబట్టాలి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. "మీకు ఏం కావాలి?" అని నేరుగా అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు, లేదా మీ ముఖం చూసి మీకు నచ్చేది చెబుతారు. దీనికి పాత మందు ఒకటుంది. అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ కెల్లీ 1955లో ప్రతిపాదించిన సిద్ధాంతంతో పాటు రెపర్టరీ గ్రిడ్ అనే పద్ధతి వచ్చింది. మనిషి తన చుట్టూ ఉన్నవాళ్లను ఏ తేడాలతో అర్థం చేసుకుంటున్నాడో అతని మాటల్లోనే బయటికి తీయడానికి ఆయన దాన్ని వాడాడు. తర్వాత మార్కెట్ పరిశోధకులు దాన్ని వస్తువుల మీద ప్రయోగించారు.

చేయాల్సింది తేలికే. ఒక్కో కార్డు మీద ఒక్కో ప్రత్యామ్నాయం పేరు రాయండి. మూడు కార్డులు ముందు పెట్టి, "వీటిలో ఏ రెండు ఒకలాంటివి? మూడోది వాటికి ఎందులో వేరు?" అని అడగండి. మాట పూర్తయ్యాక "దానివల్ల మీకేంటి తేడా?" అని ఒక్కసారి పొడిగించండి. తర్వాత కార్డులు మార్చండి. నాలుగు కార్డులుంటే మూడేసి కార్డుల గుంపులు నాలుగు వస్తాయి, అరగంటలో అయిపోతుంది. మీ ప్రొడక్ట్ కార్డు మాత్రం పెట్టొద్దు. అది కనబడగానే ఎదుటి మనిషి మొహమాటంలో పడతాడు.

ఉదాహరణలో ఒక దుకాణదారుడు నోటు పుస్తకం, స్ప్రెడ్‌షీట్ కార్డులను ఒక పక్కకు జరిపి ఇలా అంటాడనుకుందాం: "ఈ రెండూ ఒకటేనండీ. ఎవరైనా ఫోన్ చేసి శనివారం ఆ లెన్స్ ఉందా అంటే, ఫోన్ పెట్టకుండానే చెప్పేస్తాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో అయితే తెరవాలి, వెతకాలి, తేదీ వేయాలి. ఈలోపు అవతలి మనిషి ఇంకో షాపుకి ఫోన్ చేసేస్తాడు." మీకు ఒక వరుస దొరికింది. మీ ఫీచర్ల జాబితాలో దీనికి పేరే లేదని గమనించండి.

అయితే ఈ కార్డుల ఆటకు ఒక పెద్ద పరిమితి ఉంది. అది తేడాలనే చూపిస్తుంది. అన్ని ప్రత్యామ్నాయాలూ ఒకేలా విఫలమయ్యే చోట తేడా ఉండదు కాబట్టి ఆ వరుస బయటికి రాదు. మీరు వెతికే ఖాళీ ఉండేది సరిగ్గా అక్కడే. అందుకే కార్డులు పక్కన పెట్టాక రెండో ప్రశ్న తప్పకుండా అడగాలి: "ఈ మధ్య ఈ పనిలో డబ్బో, సమయమో, కస్టమరో చేజారిన సందర్భం ఒకటి చెప్పండి. ఆరోజు ఏం జరిగింది?" అభిప్రాయం అడగకండి, జరిగిన సంగతి అడగండి.

మన దుకాణదారుడి జవాబు: "కెమెరా కిట్ తిరిగొచ్చింది, టిక్ పెట్టేశాం. మర్నాడు ఇంకో ఆయన తీసుకెళ్లి ఫోన్ చేశాడు, బ్యాగులో చార్జర్ లేదని. ముందు తీసుకెళ్లినాయన నేను పెట్టాను అంటాడు. నేనేం చేస్తాను?" కిట్ మొత్తం రిటర్న్ అయినట్టు రాసుకుంటున్నారు, లోపల 11 భాగాలుంటే 10 మాత్రమే వచ్చిన సంగతి ఎక్కడా నమోదు కావడం లేదు.

ఎంతమందితో మాట్లాడాలి? వరుసగా రెండు సంభాషణల్లో కొత్త విషయం ఏదీ రాకపోతే ఆపేయండి. ఒకే రకం కస్టమర్లయితే సాధారణంగా పదిమంది లోపే ఆ స్థితి వస్తుంది. ఇరవై మంది తర్వాత కూడా రోజుకో కొత్త మాట వస్తోందంటే మీరు రెండు మూడు రకాల కస్టమర్లను కలిపేశారని అర్థం. వాళ్లను విడదీసి ఒక్కో రకానికి ఒక్కో పట్టిక వేయాలి.

4. మాటను కొలతగా మార్చి, తాళం వేయండి

"త్వరగా చెప్పగలగాలి" అనేది ఇంకా మాటే. ఏ పరిస్థితిలో, ఏ యూనిట్‌లో, ఎటువైపు వెళ్తే మంచిది అనేవి మూడూ తేలితేనే అది ప్రమాణం అవుతుంది. "ఫోన్ మోగినప్పుడు సిస్టమ్ వేరే స్క్రీన్ మీద ఉంది. అడిగిన వస్తువు అడిగిన తేదీకి ఖాళీగా ఉందో లేదో చెప్పడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? తక్కువైతే మంచిది." ఇలా రాస్తే ఎవరు కొలిచినా దాదాపు ఒకే అంకె వస్తుంది.

టిక్కులకు బదులు సగం నిండిన, ముప్పావు నిండిన వృత్తాలు వాడేవాళ్లూ ఉన్నారు. 1970లలో ఒక కన్సల్టింగ్ సంస్థలో హార్వీ పోపెల్ వాటిని తెచ్చాడు కాబట్టి హార్వీ బాల్స్ అంటారు. చూడ్డానికి బాగుంటాయి కానీ, సగానికీ ముప్పావుకీ మధ్య తేడా ఎవరి కంటికి ఎలా తోస్తే అలా మారిపోతుంది. లోపల అంకె ఉంటేనే బయట వృత్తం గీయండి.

నాలుగైదు వరుసలు తేలాక కాగితం మీద తేదీ వేసి, టీమ్‌లో ఇంకొకరి చేతికివ్వండి. కొలతలు మొదలయ్యాక ఏ వరుసా తీసేయకూడదు. చేర్చాల్సి వస్తే కారణం రాయాలి. ఈ నియమం లేకపోతే ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. మనం వెనకబడిన వరుస "అంత ముఖ్యం కాదులే" అనిపించడం మొదలవుతుంది. ఆ క్షణంలో అది నిజాయితీగానే అనిపిస్తుంది, అదే ప్రమాదం.

5. గడులు నింపడం

పోటీదారుల వెబ్‌సైట్ చూసి గడులు నింపకండి. ట్రయల్ అకౌంట్ తీసుకుని అదే పని చేసి చూడండి. అన్ని కాలమ్‌లకూ ఒకే డేటా, ఒకే పని, ఒకే మనిషి. ఆ మనిషి మీరు కాకూడదు. మీ ప్రొడక్ట్‌లో ఏ బటన్ ఎక్కడుందో మీ వేళ్లకు కంఠస్థం, పక్కవాళ్ల దాంట్లో మీరు తడుముకుంటారు. దుకాణంలో పని చేసినవాళ్లెవరైనా దొరికితే మేలు. ఒక పనిని పదేపదే చేస్తుంటే చేయి తిరుగుతుంది కాబట్టి, మీ ప్రొడక్ట్‌ను ఎప్పుడూ చివర్లో పెట్టకుండా వరుస మార్చి మార్చి చేయించండి.

కిట్ భాగాల వరుసను కొలవడానికి చిన్న ఉపాయం చేయాలి. పది కిట్లు సిద్ధం చేసి, వాటిలో ఆరింటినుంచి ఒక్కో భాగం కావాలనే తీసేయండి. కొలిచే మనిషికి ఆ సంగతి చెప్పకండి. ఒక్కో పద్ధతిలో రిటర్న్ తీసుకుంటూ ఆరింటిలో ఎన్నిటిని అక్కడికక్కడే పట్టుకున్నారో లెక్కపెట్టండి. ఒక్కో పద్ధతికి వేరే కిట్లలోంచి వేరే భాగాలు తీయండి, లేకపోతే మొదటి పద్ధతిలో పట్టుకున్నవి గుర్తుండిపోతాయి.

మన ఉదాహరణలో ఇలా వచ్చిందనుకుందాం:

| ప్రమాణం | నోటు పుస్తకం | స్ప్రెడ్‌షీట్ | బిల్లింగ్ యాప్ | పెద్ద రెంటల్ సాఫ్ట్‌వేర్ | మనది |
|---|---|---|---|---|---|
| ఫోన్‌లో ఉందో లేదో చెప్పడం (సెకన్లు) | 15 | 25 | తేదీలవారీగా చూపదు | 50 | 40 |
| 20 బుకింగ్‌లలో ఒకే వస్తువు ఇద్దరికి ఇచ్చినవి | 3 | 2 | 4 | 0 | 0 |
| కొత్త హెల్పర్‌కు రిటర్న్ పని నేర్పడానికి (నిమిషాలు) | 10 | 30 | 40 | 180 | 45 |
| తీసేసిన 6 భాగాల్లో అక్కడికక్కడే దొరికినవి | 1 | 1 | 0 | 2 | 2 |

ప్రతి గడికీ ఎవరు కొలిచారు, ఏ తేదీన, ఏ వెర్షన్ మీద అనేది పక్క షీట్‌లో ఉండాలి. కొలవలేని గడి ఖాళీగానే ఉండనివ్వండి, ఊహించి నింపొద్దు.

6. చదవడం

మొదటి పొరపాటు, మార్కులు వేసి కూడడం. వరుసలకు వెయిటేజీ ఇచ్చి మొత్తం లెక్కేస్తే ఎవరో ఒకరు మొదటి స్థానంలో నిలుస్తారు. ఆ వెయిటేజీలు వేసింది మీరే కాబట్టి ఆ ఒకరు మీరే అవుతారు. కూడకండి, ఒక్కో వరుసను విడిగా చదవండి.

డబుల్ బుకింగ్ వరుసలో మీకు సున్నా. పెద్ద సాఫ్ట్‌వేర్‌కూ సున్నాయే. నోటు పుస్తకంతో పోలిస్తే మీరు గెలిచినట్టే గానీ, ఇది మీరు కనిపెట్టిన ఖాళీ కాదు. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా దాటాల్సిన గడప.

ఫోన్ వరుసలో నోటు పుస్తకం మిమ్మల్ని ఓడించింది. బాధగా ఉన్నా, ఈ పట్టికలో విలువైన గడుల్లో ఇదొకటి. డెమో అంతా బాగుందని మెచ్చుకున్న దుకాణదారుడు రెండు వారాల తర్వాత మళ్లీ పుస్తకం ఎందుకు తెరిచాడో ఇది చెబుతుంది. ఈ వరుస వల్ల కొత్త కస్టమర్లు రారు. దీన్ని సరిచేయకపోతే వచ్చినవాళ్లు మాత్రం ఉండరు.

ఇక చివరి వరుస చూడండి. అందరూ ఘోరంగా ఉన్నారు, మీతో సహా. మీ కాలమ్‌లో ఉన్నది 2, పెద్ద సాఫ్ట్‌వేర్‌ది కూడా అంతే. పాత పట్టికలో ఈ వరుస ఎప్పటికీ కనబడేది కాదు, ఎందుకంటే ఇక్కడ మీకు పెట్టుకోవడానికి టిక్కు లేదు. నిజమైన ఖాళీ మొదటిసారి కనబడినప్పుడు సాధారణంగా ఇలాగే ఉంటుంది, అందులో మీరు కూడా ఉండరు. మీ కాలమ్ ఒక్కటే వెలిగిపోతున్న వరుస కనబడితే అది ఇంకా మీ ఫీచర్ల జాబితానుంచే వచ్చిందేమో అని అనుమానించాలి.

అందరూ వెనకబడిన వరుస అయినంత మాత్రాన అది ఖాళీ అయిపోదు. జనానికి అక్కర్లేని పనిలో కూడా అందరూ వెనకబడే ఉంటారు. తేడా తెలుసుకోవడానికి నేను నమ్మే గుర్తు ఒకటే: ఆ ఇబ్బందిని తప్పించుకోవడానికి కస్టమర్ ఇప్పటికే సొంతంగా ఏదైనా తంటాలు పడుతున్నాడా? మీరు మాట్లాడిన తొమ్మిది మందిలో ఐదుగురు రిటర్న్ సమయంలో బ్యాగు తెరిచి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటున్నారు, ఒకరు బ్యాగు మూతకు లోపలి భాగాల జాబితా అతికించారు అంటే నొప్పి నిజమే. తొమ్మిది మందీ "అవునండీ, అదో సమస్యే" అని తలూపి ఏమీ చేయకుండా ఉన్నారంటే ఆ వరుసను ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

7. ఇన్నాళ్లూ ఎందుకు ఖాళీగా ఉందో కనుక్కోండి

మీకంటే ముందొచ్చినవాళ్లు తెలివితక్కువవాళ్లని అనుకోకండి. వాళ్ల రిలీజ్ నోట్స్, హెల్ప్ పేజీలు, యూజర్లు పెట్టిన ఫీచర్ రిక్వెస్టులు చదవండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వాళ్ల పాత ఫీచర్ పేజీలు చూడండి. ఒకప్పుడు పెట్టి తీసేసిన ఫీచర్ అయితే అక్కడ ఆనవాలు దొరకవచ్చు. అలా దొరికితే ఎందుకు తీసేశారో తెలిసేదాకా ముందుకు వెళ్లొద్దు.

మన ఉదాహరణలో కారణం ఇలా తేలిందనుకుందాం. పెద్ద సాఫ్ట్‌వేర్‌కు కిట్ అంటే ధర వేయడానికి కట్టిన మూట. వస్తువు లోపలికి వచ్చిందా అన్నదే దాని లెక్క. దాన్ని కొనే పెద్ద సంస్థల్లో గోదాములో బ్యాగులు విప్పి చూడడానికి వేరే మనుషులుంటారు, కాబట్టి వాళ్లు ఈ ఫీచర్ కోసం గొడవ చేయరు. ఒకే మనిషి కౌంటర్‌లో కూర్చుని, తానే రిటర్న్ తీసుకునే చిన్న దుకాణానికి మాత్రం ఇది ప్రతి సాయంత్రం తగిలే దెబ్బ. పోటీదారుడి ముఖ్య కస్టమర్‌కు అవసరం లేకపోవడం వల్ల మిగిలిన ఖాళీ కొంతకాలం నిలుస్తుంది. "వాళ్లింకా చేయలేదు" అన్నదే కారణమైతే వాళ్ల తర్వాతి రిలీజ్‌తో అది పోవచ్చు. అప్పుడు పట్టికలో ఆ వరుస పక్కనే ఆ మాట రాసుకోండి.

8. కట్టి, మళ్లీ కొలవండి

ఖాళీ దొరికింది కాబట్టి ఆ వరుస మీద చిన్న ప్రోటోటైప్ కట్టండి. రిటర్న్ స్క్రీన్‌లో కిట్ భాగాలు బొమ్మలతో సహా కనబడతాయి, ఒక్కొక్కటీ నొక్కితే గానీ రిటర్న్ పూర్తి కాదు. అదే పరీక్ష, వేరే ఆరు భాగాలు తీసేసి, వేరే మనిషితో. ఈసారి ఆరింటిలో ఐదు దొరికాయి.

ఇక్కడ ఇంకో వరుస పుట్టుకొస్తుంది. ఒక్కో కిట్ రిటర్న్‌కు ఇదివరకు ఒక నిమిషం పట్టేది, ఇప్పుడు రెండున్నర. షూటింగులు ముగిసి సాయంత్రం నలుగురు కౌంటర్ ముందు నిలబడితే ఆ హెల్పర్ బొమ్మలన్నీ చూడకుండానే టకటకా నొక్కేస్తాడు, మళ్లీ 2కే వస్తారు. కాబట్టి "ఒక కిట్ రిటర్న్‌కు పట్టే సమయం" అనే వరుసను కారణం రాసి పట్టికలో చేర్చండి. అందులో మీరు అందరికంటే వెనకే ఉంటారు. పరీక్షను కూడా నలుగురు ఎదురుచూస్తున్నప్పుడు మరోసారి చేయండి. ప్రశాంతంగా కూర్చున్నప్పుడు వచ్చిన 5 కంటే, రద్దీలో వచ్చే అంకె మీదే దుకాణదారుడు డబ్బు కట్టాలో లేదో తేల్చుకుంటాడు.

ఇన్వెస్టర్‌కు చూపే స్లైడులో ఈ ఐదు వరుసలూ పెట్టండి, ఓడిపోయిన మూడింటితో సహా. "నోటు పుస్తకం మీకంటే వేగంగా ఉందే, ఏం చేస్తున్నారు?" అని అడుగుతారు. అప్పుడు ఫోన్ మోగగానే తేదీల స్క్రీన్ ఒక్క నొక్కుతో తెరుచుకునేలా మీరు చేస్తున్న మార్పు గురించి, దానివల్ల 40 సెకన్లు ఎంతకు దిగాయో చెప్పొచ్చు. మూడు నెలలకోసారి అవే వరుసలతో మళ్లీ కొలిచి, పాత అంకెలను చెరపకుండా కొత్తవి పక్కన రాయండి.